సింపుల్ పెండ్యులం రికార్డు: g విలువ 954 వచ్చినప్పుడు ముగింపు, దోషాల చర్చ రాసే పద్ధతి

*"ఇంటర్ ఫస్టియర్. సింపుల్ పెండ్యులం రికార్డు పేజీలు మూడు ఫొటోలు తీసి పెట్టాను. g 954 వచ్చింది. 'కన్‌క్లూజన్ బలహీనంగా ఉంది, దోషాల చర్చ లేదు' అని మేడమ్ వెనక్కిచ్చారు. రీడింగులు మార్చకుండా ఈ రెండు భాగాలు ఎలా బాగుచేయాలి?"*

రీడింగులు మార్చకపోవడమే మంచిది. మీ రీడింగులు చక్కగా ఉన్నాయి. మీ g ఎందుకు తగ్గిందో చెప్పే సమాచారమంతా ఆ పట్టికలోనే ఉంది, మీరు దాన్ని చదవలేదు, అంతే.

ముందు ఫొటోల సంగతి. రెండో పేజీ కుడి అంచు మీద చెయ్యి నీడ పడింది. మూడో వరుసలో 20 డోలనాల కాలం 34.0 అని ఉందో 34.9 అని ఉందో తెలియడం లేదు. పక్క గడిలో T = 1.700 అని ఉంది కాబట్టి 34.0 అనే తీసుకున్నాను. మేడమ్‌కి మళ్ళీ ఫొటో పంపాల్సి వస్తే కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా పుస్తకాన్ని చదునుగా పరిచి, పేజీకి ఒక ఫొటో చొప్పున తీయండి. పెన్సిల్‌తో పెట్టిన దశాంశ చుక్కలు ఫొటోలో మాయమైపోతాయి, అంకెలు మాత్రం పెన్నుతో రాయండి. ఇంకొకటి, గ్రాఫ్ ఫొటో మీంచి వాలు కొలవకూడదు. ఫోన్ కాస్త వంగితే చాలు, గళ్ళు ఒక పక్క సాగిపోతాయి. అందుకే మీ గ్రాఫ్ నుంచి గీత ఎటు పోతోందో మాత్రమే చూశాను, అంకెలన్నీ పట్టికలోవే.

మీరు రాసిన ముగింపు ఇది:

"ప్రయోగం విజయవంతంగా చేశాము. L/T² స్థిరమని నిరూపించబడింది. g = 954.2316 సెం.మీ./సె². దోషాలు: 1. మానవ దోషం 2. గాలి నిరోధం 3. పారలాక్స్. జాగ్రత్తగా చేసి ఉంటే 980 వచ్చేది."

ఇందులో మొదటి వాక్యం ఏమీ చెప్పడం లేదు. రెండోది మీ పట్టికకే విరుద్ధం. మూడోదాంట్లో క్యాలిక్యులేటర్ చూపిన అంకెలన్నీ దిగాయి. దోషాల జాబితాని ఏ ప్రయోగం కింద రాసినా అతుకుతుంది, అంటే ఇది మీ ప్రయోగం గురించి కాదన్నమాట. ఇక "జాగ్రత్తగా చేసి ఉంటే" అన్న మాట తీసేయండి. మీరు జాగ్రత్తగానే చేశారని అంకెలు చెబుతున్నాయి.

పట్టిక ఏం చెబుతోంది

మీ అంకెలే మళ్ళీ వేస్తున్నాను. చివరి నిలువు వరుస ఒక్కటి నేను చేర్చాను, ఒక్కో వరుసకి విడిగా g ఎంత వస్తుందో చూడటానికి.

| L (సెం.మీ.) | 20 డోలనాల కాలం (సె.) | T² (సె²) | L/T² | ఆ వరుసకి g |
|---|---|---|---|---|
| 50.0 | 28.9 | 2.088 | 23.95 | 945 |
| 60.0 | 31.6 | 2.496 | 24.03 | 949 |
| 70.0 | 34.0 | 2.890 | 24.22 | 956 |
| 80.0 | 36.4 | 3.312 | 24.15 | 953 |
| 90.0 | 38.5 | 3.706 | 24.29 | 959 |
| 100.0 | 40.5 | 4.101 | 24.39 | 963 |

L/T² వరుసని పైనుంచి కిందికి చదవండి. 23.95 దగ్గర మొదలై 24.39 దాకా ఎక్కింది. మధ్యలో 80 సెం.మీ. దగ్గర ఒక్కసారి కొంచెం దిగింది, మిగతా అంతా ఎక్కుడే. ఇది చేతి వణుకు వల్ల వచ్చే తేడా అయితే ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఇష్టమొచ్చినట్టు ఉండాలి. ఇలా ఒకే దిక్కుకి నడుస్తోందంటే ప్రతి వరుసలోనూ ఒకే రకమైన పొరపాటు దాగి ఉందని అర్థం. సగటు 24.17 తీసుకోగానే ఆ నడక కనపడకుండా పోయింది. దోషాల చర్చ మొదలుపెట్టాల్సింది సగటు నుంచి కాదు, ఈ నడక నుంచి.

అయితే నడక నిజమైనదేనా, లేక పరికరాల కనీసపు కొలత వల్ల అలా కనబడుతోందా? దీన్ని లెక్కగట్టే తేల్చాలి. g = 4π²L/T² కాబట్టి

Δg/g = ΔL/L + 2ΔT/T

మీటర్ స్కేలు కనీసపు కొలత 0.1 సెం.మీ., మీ స్టాప్ వాచ్‌ది 0.1 సె. వాచ్ కొలిచింది 20 డోలనాలని కాబట్టి ΔT/T బదులు 0.1ని మొత్తం కాలంతో భాగిస్తే సరిపోతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. 0.1ని ఒక్క డోలనం కాలంతో, అంటే 1.445తో భాగించేసి దోషం 14 శాతం అని తేలుస్తారు. 20 డోలనాలు లెక్కపెట్టేదే ఆ దోషాన్ని ఇరవయ్యో వంతుకి తగ్గించడానికి.

50 సెం.మీ. వరుసకి: 0.1/50 = 0.2 శాతం, 2 × 0.1/28.9 = 0.7 శాతం, మొత్తం 0.9 శాతం. 100 సెం.మీ. వరుసకి: 0.1 + 0.5 = 0.6 శాతం.

ఇప్పుడు పోల్చండి. పోల్చడానికి 980 వద్దు, 978 తీసుకోండి. 980 అనేది పాఠ్యపుస్తకంలో గుండ్రంగా వేసిన అంకె. g ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ. మన అక్షాంశాల్లో 978 చుట్టూ ఉంటుంది, హైదరాబాద్‌లో దాదాపు 978.3. 954కీ 978కీ తేడా 24, అంటే 2.4 శాతం. పరికరాలు ఎంత తప్పినా 0.9 శాతానికి మించకూడదు, మీ విలువ 2.4 శాతం తగ్గింది. కాబట్టి "కనీసపు కొలత వల్ల తేడా వచ్చింది" అని రాసే వీలు లేదు. 80 సెం.మీ. దగ్గర కనబడిన చిన్న దిగుడు 0.3 శాతమే, దాన్ని కనీసపు కొలత మింగేస్తుంది. మొత్తం ఎక్కుడు 1.8 శాతం, దాన్ని మింగలేదు.

నిజానికి మీ మేడమ్ అడిగింది ఈ ఒక్క పోలికే అయి ఉంటుంది: ఎంత తేడా రావచ్చు, ఎంత వచ్చింది. దీన్ని రాయకుండా ఏ దోషం పేరు రాసినా అది ఊహే.

అనుమానితుల్ని ఒక్కొక్కరినే తూకం వేయడం

ఏదైనా కారణం రాసేముందు మూడు సంగతులు చూడాలి. అది g ని తగ్గిస్తుందా పెంచుతుందా? ఎంత శాతం మారుస్తుంది? పొడవు పెరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుందా? మీ పట్టిక కోరుతున్నది g ని తగ్గించే కారణం. అది 50 సెం.మీ. దగ్గర 3.4 శాతం, 100 దగ్గర 1.5 శాతం చొప్పున తగ్గించాలి.

గాలి నిరోధం దిక్కు సరైనదే, T ని పెంచి g ని తగ్గిస్తుంది. పరిమాణమే చాలదు. డోలనాల వెడల్పు మెల్లమెల్లగా తగ్గిపోవడం మీరు కళ్ళారా చూస్తారు, కానీ వెడల్పు తగ్గడం వేరు, కాలం మారడం వేరు. ఇత్తడి బాబ్ సాంద్రత గాలి సాంద్రతకి సుమారు ఏడు వేల రెట్లు. గాలి తేల్చే బలం, బాబ్‌తో పాటు ఊగే గాలి, రెండూ కలిపి చూసుకున్నా ఒక శాతంలో వందో వంతులు కొన్నే అవుతాయి. కావల్సింది 2.4. గాలి నిరోధాన్ని రాయాలనిపిస్తే "దీని ప్రభావం ఈ తేడాలో వందో వంతు మాత్రమే, లెక్కలోకి రాదు" అని రాయండి. ఒక కారణాన్ని అంకెతో కొట్టేయడానికి కూడా మార్కులు పడతాయి.

పెద్ద కోణంతో వదలడం కూడా g ని తగ్గించేదే. కోణాన్ని రేడియన్లలో తీసుకుంటే T సుమారు θ²/16 వంతు పెరుగుతుంది. 5 డిగ్రీలకి ఇది 0.05 శాతం, 10 డిగ్రీలకి 0.19 శాతం. g లో దీనికి రెట్టింపు. 2.4 శాతం రావాలంటే బాబ్‌ని దాదాపు 25 డిగ్రీల నుంచి వదిలి ఉండాలి. మీటరు దారం మీద అంటే పక్కకి 42 సెం.మీ. లాగినట్టు. మీరు రాసుకున్నది "3–4 సెం.మీ. పక్కకి లాగి" అని, కాబట్టి ఇదీ కాదు.

డోలనాల లెక్కలో పొరపాటుకి వేరే గుర్తులుంటాయి. వాచ్ నొక్కుతూనే "ఒకటి" అని మొదలుపెడితే 19 డోలనాల కాలాన్ని 20కి రాసినట్టు అవుతుంది. అప్పుడు g ఏకంగా పదకొండు శాతం దాకా పెరిగి 1084 వస్తుంది. 21 డోలనాల కాలాన్ని 20కి రాస్తే 887 వస్తుంది. మీ వరుసల్లో ఇలాంటి గంతు ఎక్కడా లేదు. (వాచ్ నొక్కేటప్పుడు "సున్నా" అనడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు.)

పారలాక్స్ వల్ల స్కేలు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అది ఎటైనా ఉండొచ్చు. 50 సెం.మీ. దగ్గర 3.4 శాతం అంటే 17 మిల్లీమీటర్లు. కన్ను అంత తప్పదు.

"మానవ దోషం" అనే మాటని మాత్రం పూర్తిగా కొట్టేయండి. అది కారణం పేరు కాదు. మనిషి ఏ పని చేస్తున్నప్పుడు, ఎంత తప్పాడో చెబితేనే దోషం. ఇక్కడ దానికి అర్థముంటే, అది వాచ్ నొక్కడంలోని ఆలస్యం. దీన్ని మాత్రం తేలిగ్గా కొట్టేయలేం. వాచ్ మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ ఒకే ఆలస్యం జరిగితే రెండూ రద్దవుతాయి. కానీ ఆపేటప్పుడు మాత్రమే ప్రతిసారీ 0.4 సె. ఎక్కువ ఆలస్యం చేశారనుకోండి. 50 సెం.మీ. దగ్గర g 2.8 శాతం తగ్గుతుంది, 100 దగ్గర 2.0 శాతం. దిక్కు సరిపోయింది, పొడవు పెరిగేకొద్దీ తగ్గడమూ సరిపోయింది. మీ అంకెలు 3.4, 1.5 కాబట్టి అచ్చంగా అతకలేదు గానీ దగ్గరలోనే ఉంది. అందుకే దీన్ని పక్కన పెట్టి, మిగిలిన అనుమానితుణ్ణి కూడా చూద్దాం.

పొడవు ఎక్కడిదాకా కొలిచారు

మీ L విలువలన్నీ 50.0, 60.0, 70.0 అని గుండ్రంగా ఉన్నాయి. మొదటి పేజీలో వెర్నియర్‌తో కొలిచిన బాబ్ వ్యాసం 2.40 సెం.మీ. అని రాశారు. ఆ అంకె మళ్ళీ రికార్డులో ఎక్కడా కనబడలేదు. లోలకం పొడవు అంటే చీల్చిన బెండు కింది అంచు నుంచి బాబ్ గురుత్వ కేంద్రం దాకా, అంటే దారం పొడవు, దానికి హుక్ ఎత్తు, దానికి బాబ్ వ్యాసార్ధం. హుక్ ఎత్తు, వ్యాసార్ధం కలిపి ఉంటే 51.8 లాంటి అంకెలు రావాలి. మొత్తం గుండ్రంగా వచ్చేలా దారాన్ని సర్దుకునేవాళ్ళూ ఉంటారు, కాబట్టి గుండ్రపు అంకెలు చూసి ముడి దాకానే కొలిచారని తేల్చేయకూడదు. అది అనుమానం మాత్రమే. దాన్ని గ్రాఫ్ తేల్చాలి.

మూడో ఫొటోలో L–T² గీతని మూలబిందువు గుండా గీశారు. పుస్తకంలో అలాగే ఉంటుంది కాబట్టి అందరూ స్కేలుని సున్నా మీద ఆనించి గీస్తారు. కానీ మీ చుక్కలు చూడండి. ఎడమ పక్క మొదటి రెండు చుక్కలు గీతకి దాదాపు ఒక చిన్న గడి పైన ఉన్నాయి, చివరి చుక్క ఒక గడి కింద. చుక్కలు ఆ గీతని ఒప్పుకోవడం లేదు. కొత్త గ్రాఫ్ షీట్ తీసుకుని, మూలబిందువుని ఎడమ అంచు నుంచి రెండు సెంటీమీటర్లు లోపలికి పెట్టి, సున్నాని మరిచిపోయి, చుక్కల మధ్య నుంచే గీత గీయండి. అది (50, 2.09), (100, 4.11) దగ్గరగా పోతుంది. వాలు (4.11 − 2.09)/50 = 0.0404. దీన్నుంచి g = 39.48/0.0404 = 977.

అదే రీడింగులు, అదే గ్రాఫ్. గీతని సున్నాకి కట్టేయడం మానేస్తే 954 బదులు 977 వచ్చింది. ఎందుకంటే అన్ని వరుసల్లోనూ ఒకే పొడవు తగ్గితే చుక్కలన్నీ కలిసి పక్కకి జరుగుతాయి, గీత వాలు మాత్రం మారదు. L/T² నిష్పత్తికి ఆ రక్షణ లేదు.

ఇప్పుడు ఆ గీతని వెనక్కి పొడిగించండి. అది అడ్డ అక్షాన్ని సున్నాకి ఎడమన సుమారు 1.7 సెం.మీ. దగ్గర తాకుతుంది. మీరు కలపని పొడవు అదే. ఈ 1.7ని మరీ పట్టుకుని కూర్చోకండి. 50 సెం.మీ. దూరం నుంచి వెనక్కి పొడిగించాం కాబట్టి గీత వెంట్రుకవాసి వంగినా ఇక్కడ అర సెంటీమీటరు పైనే మారుతుంది. "సుమారు 2 సెం.మీ." అని రాస్తే చాలు. అది సున్నా కాదన్నది మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

వ్యాసార్ధం 1.20 సెం.మీ. మీ దగ్గర ఉంది. హుక్ ఎత్తు ఫొటోల్లో ఎక్కడా లేదు. ల్యాబ్‌కి వెళ్ళి అదే బాబ్ తీసుకుని, ముడి ఆనే చోటు నుంచి బాబ్ పైభాగం దాకా వెర్నియర్‌తో కొలవండి. కింది లెక్క కోసం దాన్ని 0.6 సెం.మీ. అనుకుంటున్నాను, మీరు కొలిచిన అంకె అక్కడ పెట్టుకోండి. అప్పుడు ప్రతి L కి 1.8 చేరుతుంది:

| సవరించిన L | T² | L/T² | g |
|---|---|---|---|
| 51.8 | 2.088 | 24.81 | 979 |
| 61.8 | 2.496 | 24.76 | 977 |
| 71.8 | 2.890 | 24.84 | 981 |
| 81.8 | 3.312 | 24.70 | 975 |
| 91.8 | 3.706 | 24.77 | 978 |
| 101.8 | 4.101 | 24.83 | 980 |

సగటు L/T² = 24.78, g = 978. అంతకంటే ముఖ్యమైనది ఆ మూడో నిలువు వరుస. ఎక్కుడు పోయింది. ఇప్పుడు అంకెలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, 975కీ 981కీ మధ్య. ఇప్పుడు L/T² స్థిరమని రాయండి, ఎవరూ కాదనరు.

978 వచ్చింది కాబట్టే ఈ సవరణ నిజమని మాత్రం అనకండి. కావల్సిన జవాబు కోసం 1.8 కలిపారని ఎవరైనా అనవచ్చు. దానికి మీ దగ్గర విడివిడిగా రెండు సాక్ష్యాలు ఉండాలి: g గురించి ఏమీ తెలియకుండానే గ్రాఫ్ చూపిన 2 సెం.మీ., వెర్నియర్‌తో మీరు నేరుగా కొలవబోయే పొడవు. రెండూ దగ్గరగా వస్తే ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

వాచ్ ఆలస్యం సంగతి కూడా అదే రోజు తేల్చేయండి, అయిదు నిమిషాల పని. 100 సెం.మీ. దారంతో ఒకసారి 10 డోలనాలు, ఒకసారి 30 డోలనాలు కొలవండి. ప్రతిసారీ 0.4 సె. ఆలస్యం ఉంటే 10 డోలనాల నుంచి వచ్చే T, 30 నుంచి వచ్చే T కంటే 0.027 సె. ఎక్కువ ఉంటుంది. రెండు మూడుసార్లు కొలిచి సగటు తీస్తే 0.1 సె. వాచ్‌తో కూడా అది కనబడుతుంది. రెండూ ఒకటే వస్తే ఆలస్యం లేనట్టు. పొడవులో పొరపాటుకి ఈ పరీక్షలో తేడా రాదు, దారం ఎంతైనా T నిజమైన T నే కదా.

మీరు రాసిన సెకండ్ల లోలకం పొడవు కూడా ఈ కథే చెబుతుంది. T² = 4 దగ్గర చివరి రెండు చుక్కల మధ్య నుంచి 97.4 సెం.మీ. అని రాశారు. దానికి 1.8 చేరిస్తే 99.2. g 978 ఉన్నచోట రావలసింది 99.1.

ల్యాబ్‌కి వెళ్ళే వీలు లేకపోతే హుక్ ఎత్తుని ఊహించి లెక్కలో కలపకండి. మీ చేతిలో ఉన్న 1.20 మాత్రమే కలపండి. g సుమారు 970 వస్తుంది, L/T² లో చిన్న ఎక్కుడు ఇంకా మిగులుతుంది. "మిగిలిన ఎక్కుడు హుక్ ఎత్తు కొలవకపోవడం వల్ల కావచ్చు, గ్రాఫ్ దీన్నే సూచిస్తోంది" అని రాయండి. కొలిచినదానికి "ఉంది", కొలవనిదానికి "కావచ్చు". ఈ తేడా పాటించిన 970, ఊహతో తెచ్చిన 978 కంటే మేలు.

రికార్డులో ఎలా దించాలి

పాత పట్టికని చెరపొద్దు, వైట్‌నర్ పూయొద్దు, పేజీ చింపొద్దు. L నిలువు వరుస మీద "దారం పొడవు" అని శీర్షిక సరిచేసి, దాని కిందే సవరించిన పట్టిక వేయండి. పాత g మీద ఒక్క గీత గీసి, పక్కన "సవరణ చూడండి" అని రాయండి. అబ్జర్వేషన్ బుక్‌లో పాత అంకెలు ఎలాగూ ఉంటాయి, రెండూ సరిపోలాలి. పాత గ్రాఫ్ కూడా ఉంచండి, కొత్తది పక్కన అంటించండి. మూలబిందువు గుండా గీసిన గీత, గుండా పోని గీత పక్కపక్కన ఉంటే వైవాలో మీరు చెప్పాల్సింది సగం అవే చెబుతాయి.

చివరి విలువ పక్కన దోషం రాయాలి. అతి తక్కువ పొడవు వరుసకి వచ్చిన 0.9 శాతాన్ని గరిష్ఠంగా తీసుకోండి: 978లో 0.9 శాతం 9. కాబట్టి 978 ± 9. దోషం ఒకట్ల స్థానంలో ఉన్నప్పుడు విలువ కూడా అక్కడే ఆగాలి. 954.2316 అని రాస్తే నాలుగు దశాంశాల దాకా మీకు తెలుసని చెప్పినట్టు, కానీ మీకు ఒకట్ల స్థానమే ఖాయంగా తెలియదు.

దోషాల చర్చ ఇలా ఉండొచ్చు. మీ అంకెలు, మీ మాటలు పెట్టుకోండి:

> మొదట దారం పొడవునే L గా తీసుకోగా g = 954 సెం.మీ./సె² వచ్చింది. ఇది 978 కంటే 2.4 శాతం తక్కువ. స్కేలు, స్టాప్ వాచ్‌ల కనీసపు కొలతల వల్ల రాగల గరిష్ఠ దోషం 0.9 శాతమే కాబట్టి ఈ తేడాకి క్రమదోషం కారణం. L/T² విలువ 23.95 నుంచి 24.39కి మొత్తం మీద పెరగడం, L–T² గీత మూలబిందువు గుండా పోకుండా అడ్డ అక్షాన్ని సుమారు −2 సెం.మీ. దగ్గర ఖండించడం, ప్రతి కొలతలోనూ అంత పొడవు తగ్గిందని చూపుతున్నాయి. హుక్ ఎత్తు (0.6 సెం.మీ.), బాబ్ వ్యాసార్ధం (1.20 సెం.మీ.) L లో కలపలేదు. వీటిని కలిపాక L/T² లో పెరుగుదల కనబడలేదు. 10, 30 డోలనాలకి T ఒకటే వచ్చింది కాబట్టి వాచ్ నొక్కడంలో స్థిరమైన ఆలస్యం లేదు. గాలి ప్రభావం, 5 డిగ్రీల లోపు కోణం ప్రభావం కలిపి కూడా 0.2 శాతం మించవు.

10, 30 డోలనాల వాక్యం ఆ పరీక్ష నిజంగా చేస్తేనే రాయండి. చేయకపోతే "ఈ అవకాశాన్ని పరీక్షించలేదు" అని రాయండి.

ముగింపు చిన్నదిగా ఉండాలి. చర్చలో చెప్పినదాన్ని మళ్ళీ చెప్పకూడదు, కొత్త కారణం ఏదీ తేకూడదు:

> దారం పొడవు 50 నుంచి 100 సెం.మీ. వరకు, చిన్న కోణాల వద్ద, L/T² ప్రయోగ దోషం లోపల స్థిరంగా ఉంది (24.70 నుంచి 24.84). సవరించిన పొడవుతో g = 978 ± 9 సెం.మీ./సె². సవరణతో పని లేకుండా గ్రాఫ్ వాలు నుంచి వచ్చిన విలువ 977, రెండూ ఏకీభవిస్తున్నాయి. ఇకపై ప్రతి పొడవునీ బెండు అంచు నుంచి బాబ్ కేంద్రం వరకు కొలవాలి. మిగిలిన దోషంలో పెద్ద భాగం కాలం కొలతదే, కాబట్టి 20 బదులు 40 డోలనాలు తీసుకుంటే ఆ భాగం సగమవుతుంది.

"నిరూపించబడింది" అన్న మాట ఇందులో లేదు, గమనించండి. ఆరు పొడవులతో చేసిన ప్రయోగం దేన్నీ నిరూపించదు, ఫలానా హద్దులో, ఇంత దోషం లోపల సరిపోయిందని చూపుతుంది. చివరి వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. చాలా రికార్డుల్లో "మరింత కచ్చితమైన పరికరాలు వాడాలి" అని ఉంటుంది. ఏ పరికరం? 50 సెం.మీ. వరుసలో పొడవు వాటా 0.2 శాతం, కాలం వాటా 0.7. మీటర్ స్కేలు మార్చి ఎంత మంచిది తెచ్చినా మీకు కలిసొచ్చేది 0.2 లోపే. డోలనాలు రెట్టింపు చేస్తే పైసా ఖర్చు లేకుండా 0.35 తగ్గుతుంది.

వైవాలో ఒక ప్రశ్న రావచ్చు: బాబ్ బిందువు కాదు కదా, గోళం కదా, దాని వల్ల దోషం లేదా? ఉంది. పొడవుకి 2r²/5L చేర్చాలి. మీ బాబ్‌కి 50 సెం.మీ. దగ్గర అది ఒక మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, 0.02 శాతం. రికార్డులో రాయనక్కర్లేదు, అడిగితే ఆ అంకె చెప్పండి.